శ్రావణ మాసంలో కార్డు సభ్యులకు రెట్టింపు పాయింట్లు

మా వస్త్రాలయం సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది శ్రావణ మాసం మొదలయ్యే జూలై 25 శుక్రవారం నుంచి అమావాస్య రోజైన ఆగస్టు 23 శనివారం వరకు, రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురంలోని మా మూడు దుకాణాల్లోనూ సభ్యుల కొనుగోళ్లకు రెట్టింపు పాయింట్లు ఇస్తున్నామని సంతోషంగా తెలియజేస్తున్నాం. మామూలు రోజుల్లో ప్రతి 100 రూపాయలకు ఒక పాయింటు జమ అవుతుంది. ఈ 30 రోజుల్లో రెండు జమ అవుతాయి. ఒక పాయింటు విలువ ఎప్పటిలాగే ఒక రూపాయి.

ఆషాఢంలో తగ్గింపు ధరలకు అమ్మినది చాలావరకు అంతకుముందు నెలల సరుకు. వరలక్ష్మీ వ్రతానికి, మంగళగౌరీ నోములకు, ఆ తర్వాత వచ్చే పెళ్లి ముహూర్తాలకు మీరు కోరే ఉప్పాడ జాందానీలు, మంగళగిరి, వెంకటగిరి, గద్వాల చీరలు శ్రావణంలోనే కొత్తగా దిగుతాయి. వారాల తరబడి మగ్గం మీద కూర్చుని నేసిన చీర ధరను తగ్గిస్తే ఆ భారం చివరికి నేతన్న కూలి మీదే పడుతుందన్నది మా అభిప్రాయం. అందుకే కొత్త చేనేత సరుకు ధరలను పెంచకుండా, తగ్గించకుండా అలాగే ఉంచి, మీకు ఇవ్వదలచిన లాభాన్ని పాయింట్ల రూపంలో మా వాటా నుంచి ఇస్తున్నాం. తగ్గింపు ధరకు కొన్న వస్త్రాలకు కూడా, మీరు చెల్లించిన మొత్తంపై రెట్టింపు పాయింట్లు వస్తాయి.

గత సంవత్సరం కార్డు ఇంట్లో మరచిపోయి వచ్చిన కొందరికి పాయింట్లు జమ కాలేదు. అది మా పద్ధతిలోని లోపం. ఈసారి కార్డు చూపించనవసరం లేదు; బిల్లు వేసేటప్పుడు మీ ఫోన్ నంబరు చెబితే చాలు. ఒకే రోజు ఒకే దుకాణంలో, ఒకే నంబరుపై వేయించిన బిల్లులన్నింటినీ కలిపి లెక్కిస్తాం కాబట్టి, చీర ఒక కౌంటర్లో, పిల్లల బట్టలు మరో కౌంటర్లో కొన్నా మీకు నష్టం ఉండదు. మొత్తంలో వంద కంటే తక్కువగా మిగిలిన రూపాయలకు పాయింట్లు రావు. జీఎస్టీకి, జాకెట్టు కుట్టుకూలికి, ఫాల్, పీకో పనులకు కూడా పాయింట్లు ఉండవు.

జమ అయిన పాయింట్లను మరుసటి రోజు నుంచి మూడు దుకాణాల్లో ఎక్కడైనా వాడుకోవచ్చు. ఖాతాలో కనీసం 100 పాయింట్లు ఉండాలి. ఒక బిల్లులో సగం మొత్తం వరకే పాయింట్లతో చెల్లించవచ్చు. వాడుకుంటామని చెప్పగానే సభ్యుల ఫోనుకు ఓటీపీ వస్తుంది. అమ్మగారి పేరు మీద ఉన్న పాయింట్లను కూతురో కోడలో వాడుకోదలిస్తే, అమ్మగారి ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితే సరిపోతుంది. ఆమె స్వయంగా రానవసరం లేదు. పాయింట్లకు బదులుగా నగదు ఇవ్వం.

ఉదాహరణకు, జీఎస్టీ కాకుండా 6,400 రూపాయల చీర కొన్నవారికి మామూలుగా 64 పాయింట్లు రావలసి ఉండగా ఈ నెలలో 128 వస్తాయి. వారు మరుసటి వారం 1,500 రూపాయల బట్టలు కొని ఆ 128 పాయింట్లనూ వాడుకుంటే 1,372 రూపాయలు, దానితో పాటు జీఎస్టీ చెల్లిస్తారు. ఆ 1,372 రూపాయలకు మళ్లీ 26 పాయింట్లు జమ అవుతాయి.

కొన్న వస్త్రాన్ని మార్చుకుంటే, కొత్త ధరను బట్టి పాయింట్లను సరిచేస్తాం. వాపసు ఇస్తే దానిపై వచ్చిన పాయింట్లు రద్దవుతాయి. మీరు వాడిన పాయింట్లు తిరిగి మీ ఖాతాలో చేరతాయి. ఈ నెలలో వచ్చిన పాయింట్లన్నీ 2026 మార్చి 31 వరకు చెల్లుతాయి. అంటే దసరా, దీపావళి, సంక్రాంతి కొనుగోళ్లకు కూడా పనికివస్తాయి.

సభ్యత్వం లేనివారు బిల్లింగ్ కౌంటర్లో పేరు, ఫోన్ నంబరు ఇచ్చి ఉచితంగా చేరవచ్చు. చేరిన రోజు మొదటి బిల్లు నుంచే వారికి రెట్టింపు పాయింట్లు వర్తిస్తాయి. చేరకముందు వేసిన బిల్లులకు వర్తించవు.

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8 శుక్రవారం వచ్చింది. దానికి ముందు రోజుల రద్దీని దృష్టిలో ఉంచుకుని ఆగస్టు 6, 7 తేదీల్లో దుకాణాలు ఉదయం 9 గంటల నుంచి రాత్రి 10.30 వరకు తెరిచి ఉంటాయి. వ్రతం నాటికి జాకెట్టు కుట్టించుకోవలసినవారు ఆగస్టు 2 లోపు ఇస్తే నిదానంగా, కొలత తప్పకుండా కుట్టి ఇవ్వగలం. పాయింట్ల లెక్కలో ఏదైనా తేడా కనిపిస్తే బిల్లుతో ఏ దుకాణానికైనా వచ్చి మేనేజరుగారిని కలవండి; పరిశీలించి అదే రోజు సరిచేస్తారు.

ఇట్లు,
యాజమాన్యం
రాజమహేంద్రవరం, జూలై 18, 2025