డ్రమ్ముల ఆలస్యం: మీ పేరుతో వెళ్లాల్సిన మెయిల్, ఒకసారి చూడండి

సార్,

మీరు లైన్ దగ్గర చెప్పినవన్నీ పెట్టి రాశాను. మీరు రాసేటట్టే పొట్టిగా ఉంచాను, "దయచేసి"లు తీసేశాను. శుక్రవారం గడువు నేను పెట్టింది. స్టోర్ వాళ్ల లెక్కలో ఉన్న డ్రమ్ములు అంతవరకే సరిపోతాయి. పెనాల్టీ మాట మీరు కోపంలో అన్నారేమోనని రాయలేదు. ఉండాలంటే చెప్పండి, ఒక లైను చేరుస్తాను. మీరు ఓకే అనగానే పంపేస్తాను.

సబ్జెక్ట్: 400 డ్రమ్ములు ఇంకా రాలేదు

నమస్తే అండీ,

సోమవారం రావాల్సిన లోడు బుధవారం సాయంత్రమైనా మా గేటు దాటలేదు. మీ డిస్పాచ్ వాళ్లు "బయల్దేరింది" అంటున్నారు, లారీ నంబరు మాత్రం చెప్పరు.

తోతాపురి ముమ్మరంగా దిగుతోంది. మాగిన కాయ మన కోసం ఆగదు. గుజ్జు తీసి వేడిచేశాక అసెప్టిక్ బ్యాగులో నింపాల్సిందే, ఆ బ్యాగుకి డ్రమ్ము ఉండాల్సిందే. ఒక్కో దాంట్లో 215 కిలోలు. డ్రమ్ముల్లేక లైన్ ఆపితే, యార్డులో ట్రాక్టర్లతో నిలబడ్డ రైతులకు జవాబు చెప్పుకోవాల్సింది నేను.

శుక్రవారం ఉదయానికి కనీసం 200 దించండి. మిగతావి ఆదివారంలోగా. పోయిన లోడులో కొన్ని మూత రింగులు వంగి వచ్చాయి, బిగిస్తే పట్టలేదు. ఈసారి ఎక్కించే ముందే చూడండి.

లారీ నంబరు, డ్రైవర్ నంబరు ఈ రాత్రికే కావాలి. మెయిల్ వద్దు, ఫోన్ చేయండి.

ప్లాంట్ మేనేజర్
చిత్తూరు యూనిట్