చపాతీ పిండి పిసికే షాట్ ప్రాంప్ట్: పైనుంచి, 12 సెకన్లు

వంట పాఠానికి ఏఐతో చేయించే వీడియో. ఒకే షాట్, 16:9, సెకనుకు 30 ఫ్రేములు, మధ్యలో కట్ లేదు. కెమెరా గట్టుకు నిట్టనిలువుగా మూడడుగుల పైన, స్టాండుకు బిగించి ఉంది. జూమ్ లేదు, పక్కకు జరగదు, వణకదు. గట్టు అంచు ఫ్రేములో ఎక్కడా కనపడదు.

ఒంగోలు ఇంటి వంటగది గట్టు, చీమకుర్తి నల్ల గ్రానైటు, అందులో సన్నటి బంగారు చుక్కలు. ఎడమ కిటికీ నుంచి ఉదయపు మెత్తటి వెలుగు ఏటవాలుగా పడుతోంది. నెత్తిమీద ట్యూబులైటు లేదు (ఉంటే నున్నటి రాయి మీద తెల్లగా మెరిసి పొడిపిండిని మింగేస్తుంది). మధ్యలో పొడిపిండి పల్చగా చల్లి ఉంది. చేయి ఆనిన చోట చెదిరి నల్లరాయి బయటపడుతుంది, పడిన గీత చివరిదాకా అలాగే ఉంటుంది.

300 గ్రాముల గోధుమపిండి, 180 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచా ఉప్పు, చెంచా నూనెతో కలిపిన ముద్ద. వెడల్పు 13 సెంటీమీటర్లు, లేత గోధుమరంగు. అయిదు నిమిషాలు పిసికాక ఎలా ఉంటుందో అలా: చేతికి అంటదు, పైన ఇంకా కాస్త గరుకు. ఈ షాట్‌లో నునుపెక్కకూడదు. 12 సెకన్లలో ముద్ద మారిపోతే చూసేవాళ్లు నమ్మరు, నునుపైన ముద్దకు వేరే షాట్ ఉంది.

ఫ్రేము కింది అంచు నుంచి నడివయసు ఆడమనిషి రెండు చేతులు, మోచేతి కిందిదాకా. చామనఛాయ, పొట్టి గోళ్లు, చేతికి అయిదు వేళ్లు. గాజులు, ఉంగరాలు లేవు. ఉంటే కదలికలో గాజుల లెక్క మారిపోతుంది.

0–1 సెకను: చేతులు ముద్ద మీద ఆనుతాయి.
1–10: మూడు సెకన్ల వరస, మూడుసార్లు. మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ముద్దను పైఅంచు వైపు నొక్కి సాగదీయాలి. సాగిన కొసను వేళ్లతో తనవైపు మడవాలి. ముద్దను పావు వంతు తిప్పాలి, మూడుసార్లూ గడియారం ముల్లు తిరిగే వైపే. బరువు భుజం నుంచి వస్తోందని తెలియాలి, అంటే నొక్కేటప్పుడు ముంజేతులు కూడా ముందుకు జరుగుతాయి. ముద్ద గట్టును వదలదు, గాలిలో తేలదు. వేళ్లు పిండి మీద ఉంటాయి, అందులో కలిసిపోవు.
10–12: కుడి చూపుడువేలితో ఒక్కసారి నొక్కి తీయాలి. గుంట నెమ్మదిగా సగం పూడుతుంది.

వేగం మామూలుది, స్లోమోషన్ వద్దు. ముద్ద గట్టుకు ఒత్తుకునే మెత్తటి చప్పుడు చాలు, పాట వద్దు. తెర మీద అక్షరాలు వద్దు: తెలుగు ఒత్తులు చెడిపోతాయి, కొలతలు ఎడిటింగులో వేసుకుంటాం. అందుకే ఫ్రేము కుడివైపు పావు భాగం ఖాళీ గట్టే ఉండాలి, అక్కడ గిన్నె, అప్పడాల కర్ర పెట్టొద్దు.