రెండుసార్లు అడిగినా అర్థం కాకపోతే మనిషికి అప్పగించాలి: ఏరేటర్ సర్వీస్ చాట్‌బాట్ నిబంధన

ఈ నిబంధన మన భీమవరం సర్వీస్ డెస్క్ వాట్సాప్ బాట్‌కి, రాత్రి డ్యూటీలో ఉండే ఏజెంట్లకి వర్తిస్తుంది. ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు రొయ్యల రైతులు మనకి మెసేజ్ పెట్టేది చాలావరకు అర్ధరాత్రి దాటాకే. చీకటి పడ్డాక నీటిలో ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారే ముందు డీవో బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగిన రైతుని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ కూర్చోకూడదు.

రైతు చెప్పింది అర్థం కాకపోతే బాట్ ఒక ప్రశ్న అడగవచ్చు. అప్పటికీ తేలకపోతే ఇంకొకటి. అంతే, మూడోది లేదు.

```
if failed_clarify >= 2 or danger_word:
    handoff(transcript="partial")
```

విఫలం అంటే ఏమిటో స్పష్టంగా ఉండాలి. రైతు జవాబుతో సమస్య ఏదో తేలకపోతే అది విఫలమే. "చెప్పాను కదా" అన్నా, వినపడని వాయిస్ మెసేజ్ వచ్చినా విఫలమే. అదే ప్రశ్నని మాటలు మార్చి అడిగితే రెండో ప్రయత్నం అయిపోయినట్టు లెక్క. రైతు జవాబు ఇవ్వకుండా ఆగితే మాత్రం లెక్కలోకి రాదు, గట్టు మీద టార్చి పట్టుకుని తిరుగుతూ ఉండవచ్చు. రైతు తనంతట తాను వేరే విషయం ఎత్తితేనే లెక్క సున్నాకి రావాలి.

షాక్, పొగ, కాలిన వాసన, రొయ్య తేలుతోంది: వీటిలో ఏది వచ్చినా ఒక్క ప్రశ్న కూడా వద్దు, వెంటనే అప్పగించాలి.

అప్పగించేటప్పుడు బాట్ పంపాల్సిన మెసేజ్ ఇది:

"మీ విషయం మా మనిషికి ఇచ్చామండి. ఇప్పటిదాకా మీరు రాసిందంతా ఆయన ముందు ఉంది, మళ్లీ చెప్పక్కర్లేదు. ఇదే నంబరుకి ఫోన్ వస్తుంది."

రెండో వాక్యం నిజం కావాలంటే చాట్ ఎక్కడ ఆగిందో అక్కడిదాకా ఉన్నది ఉన్నట్టు ఏజెంట్‌కి వెళ్లాలి. తప్పు ప్రశ్నలు, విసుగు మాటలు కూడా తీసేయవద్దు, ఏజెంట్‌కి దారి చూపేది చాలాసార్లు అవే. ఓటీపీ, యూపీఐ పిన్ లాంటివి వస్తే మాత్రం చుక్కలు పెట్టి దాచాలి. ఏజెంట్ తెరమీద ఇలా కనబడుతుంది:

అప్పగింత: రెండు ప్రయత్నాలు విఫలం. అత్యవసరం.

02:41 రైతు: రెండో చెరువులో సెట్టు వేస్తుంటే ఆగిపోతోందండి
02:41 బాట్: ఆగుతున్నది ఏరేటరా, నీళ్లు తోడే మోటారా?
02:42 రైతు: వాయిస్ మెసేజ్, 19 సెకన్లు. జనరేటర్ మోతలో మాటలు తెలియలేదు.
02:43 బాట్: వాయిస్ సరిగా వినపడలేదండి. స్టార్టర్ బాక్సు మీద ఏ లైటు వెలుగుతోంది, ఎరుపా, పచ్చా?
02:45 రైతు: ఇందాక చెప్పాను కదండీ. రెండు తిరుగుతున్నాయి రెండు లేదు
02:45 చాట్ ఏజెంట్‌కి బదిలీ.

రైతు చెప్పినవి: రెండో చెరువు, వేస్తే ఆగుతోంది, రెండు తిరుగుతున్నాయి, రెండు లేదు.
తెలియనివి: ఆగినవి ఏరేటర్లేనా, లైటు రంగు, కరెంటు మీదా జనరేటర్ మీదా.
జతచేసినది: వాయిస్ ఫైలు.

రైతు చెప్పినవి, తెలియనివి అనే రెండు వరుసలూ కలిసిపోకూడదు. ఇక్కడ ఆగినవి ఏరేటర్లే అని మనకి అనిపిస్తుంది, కానీ రైతు ఆ మాట అనలేదు. బాట్ తన ఊహని రైతు మాటగా రాస్తే టెక్నీషియన్ వేరే సామాను వేసుకుని బయలుదేరతాడు. ఉండి దాకా వెళ్లి వెనక్కి రావడమంటే తెల్లారిపోతుంది.

ఏజెంట్ ముందు వాయిస్ ఫైలు వినాలి. బాట్‌కి తెలియని మాట మనిషి చెవికి తరచూ తెలుస్తుంది. తర్వాత ఫోన్ చేసి, తెలిసిన దగ్గర్నుంచే మొదలుపెట్టాలి:

"నమస్తే అండి, సర్వీస్ డెస్క్ నుంచి. రెండో చెరువులో రెండు తిరుగుతున్నాయి, రెండు ఆగాయని చూశాను. అవి ఏరేటర్లేనా అండి? ఆగినవాటి స్టార్టర్ మళ్లీ మళ్లీ నొక్కకండి, ఫేజ్ పోయి ఉంటే మోటారు కాలిపోతుంది. తిరిగేవాటిని అలాగే ఉంచండి."

"మీ సమస్య ఏమిటండి?" అని మొదలుపెట్టడం నిషిద్ధం. పేరు, ఊరు రికార్డులో ఉంటే అవీ అడగవద్దు.

మూడు నిమిషాల్లో ఏజెంట్ ఎవరూ అందుకోకపోతే ఇదే చాట్ డ్యూటీ టెక్నీషియన్ ఫోన్‌కి వెళ్లాలి. రైతుకి మాత్రం "క్యూలో ఉన్నారు" అని పంపవద్దు. టెక్నీషియన్‌కి ఇచ్చామని, ఆయనే ఫోన్ చేస్తాడని చెప్పండి.

ఏజెంట్ టికెట్ మూసేదాకా బాట్ ఆ చాట్‌లో మాట్లాడకూడదు. మూశాక రేటింగ్ అడిగే మెసేజ్ ఉదయం పది దాటాకే పంపాలి.