పోస్టు తాతకు వెయ్యి పున్నముల సన్మానం

(2025 నవంబరు 9, ఆదివారం సాయంత్రం, తిరుపతి యం.ఆర్.పల్లె, మన వీధి రామాలయం ముందు షామియానా కింద, మైకు దగ్గర చదవడానికి)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు చాప మీద కూర్చోండి, అవ్వలకు కుర్చీలు వదలండి.

మనం ఈరోజు ఎవరి కోసం కూడామో చెప్పనక్కర్లేదు. పత్రికలో ఆయన అసలు పేరు వేశాం కానీ ఈ వీధిలో ఆయన మనందరికీ పోస్టు తాత, నేనూ అలాగే పిలుస్తాను. తాత 1945 జనవరిలో, సంక్రాంతికి రెండు రోజుల ముందు పుట్టారు. ఏడాదికి 12 పున్నములు, మధ్యలో వచ్చే అధిక మాసాలు కూడా కలిపి లెక్క వేస్తే మొన్న బుధవారం వచ్చిన కార్తీక పున్నమి ఆయన చూసిన వెయ్యో పున్నమి. ఈ లెక్క వేసింది గుడి అయ్యవారు, రెండుసార్లు సరిచూసి మరీ చెప్పారు. సహస్ర చంద్ర దర్శనం ఇంట్లో శాస్త్రప్రకారం పొద్దున జరిగిపోయింది, ఇది మాత్రం వీధి వాళ్లం మనసారా చేసుకుంటున్నది.

ముందు కార్యక్రమం వరుస చెప్పేస్తాను, ఎవరూ మధ్యలో అడగకుండా.

4.30కి నాదస్వరం, తాతను, అవ్వను ఇంటి నుంచి తీసుకురావడం. (ఇది అయిపోయింది, అందరూ చూశారు.)
4.45కి దీపం. వెలిగించేది అవ్వ.
4.50కి వేద ఆశీర్వచనం, ఆ వెంటనే మన పిల్లలు పాడే అన్నమయ్య కీర్తన.
5 గంటలకు ముగ్గురు మాట్లాడతారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. దయచేసి మించకండి, చీకటి పడితే తాతకు చలి.
5.15కి గంధం, పన్నీరు, పూలమాల, శాలువా, జ్ఞాపిక.
5.30కి సన్మాన పత్రం చదవడం.
తర్వాత తాత నాలుగు మాటలు మాట్లాడతారు, వందన సమర్పణ, హారతి. 6.15కి భోజనాలు. కార్తీక మాసం కాబట్టి పులిహోర, పెసరపప్పు పాయసం, వడ, సాంబారు, పెరుగన్నం. చక్కెర ఉన్నవాళ్లకు వేరే గిన్నెలో బెల్లం లేని పాయసం పెట్టించాం, అడిగి తీసుకోండి.

దీపం వెలిగించడానికి అవ్వ రావాలి. అవ్వా, మెల్లగా రండి, మనవరాలు చెయ్యి పట్టుకుంటుంది.

(దీపం, ఆశీర్వచనం, కీర్తన, ముగ్గురి మాటలు అయ్యాక)

ఇప్పుడు సన్మానం. తాతా, అవ్వా, ఇద్దరూ తూర్పు ముఖంగా కూర్చోండి. అవ్వను పక్కన కూర్చోబెట్టకుండా తాతను ఒక్కడినే కూర్చోబెడితే ఆయన ఒప్పుకోరని మాకు తెలుసు, రెండు కుర్చీలూ ఒకే ఎత్తువి తెప్పించాం. వాళ్ల కోడలు ముందుగా బొట్టు, గంధం పెడుతుంది. పన్నీరు పిల్లలు చల్లుతారు, కొంచెమే చల్లండి. పూలమాల ఈ వీధిలో అందరికంటే చిన్నవాడు, ఆరేళ్ల బుడ్డోడు వేస్తాడు, వాళ్ల నాన్న ఎత్తుకుంటాడు.

శాలువా గురించి ఒక మాట చెప్పాలి. జరీ అంచు పట్టు శాలువా కొందామని కొందరు అన్నారు, ఆ మాటలో తప్పు లేదు, కానీ అది రేపు బీరువాలోకి పోతుంది. తాత తెల్లారి నాలుగున్నరకే లేచి అరుగు మీద పేపరు కోసం కూర్చుంటారు, కార్తీకం, మార్గశిరం ఇక్కడ మంచు దిగుతుంది. అందుకే బాగా మందంగా, మెత్తగా ఉండే ఉన్ని శాలువా తెచ్చాం. రోజూ కప్పుకోవాలి తాతా, దాచిపెడితే ఊరుకోం.

కప్పేది ఎవరు? ముఖ్య అతిథి చేతుల మీదుగా కప్పించడం మామూలు. వారి చేత జ్ఞాపిక ఇప్పిస్తాం, వారూ సంతోషంగా ఒప్పుకున్నారు. శాలువా మాత్రం మన వీధిలో మూడిళ్లలో పని చేసే అక్క కప్పాలి అని మేమందరం అనుకున్నాం, ఎందుకో పత్రంలో వింటారు. అక్కా, పైకి రా. రెండు చేతులతో భుజాల మీదుగా కప్పి, అంచు ముందుకు తెచ్చి, దండం పెట్టుకో. నాదస్వరం వాళ్లు అప్పుడు మంగళం వాయించండి. అవ్వకు చీర, పసుపు కుంకుమ, గాజులు మన ఆడవాళ్లందరి తరఫున ఆ వరసలో ముందున్న జేజి ఇస్తుంది.

ఇంకా ఎవరైనా శాలువాలు తెచ్చుంటే విడిగా ఒక్కొక్కరు కప్పకండి, ఇక్కడ బల్ల మీద పెట్టండి. రుయా ఆసుపత్రి బయట రోగుల కోసం వచ్చి రాత్రిళ్లు ఆరుబయట పడుకునేవాళ్లకు ఇద్దామని తాతే నిన్న రాత్రి చెప్పారు, మంగళవారం తీసుకెళ్తాం.

ఇక సన్మాన పత్రం.

మా వీధి పెద్దదిక్కు పోస్టు తాతకు, మాతో పాటు ఇన్నేళ్లూ ఆయన్ని చూసుకున్న అవ్వకు,

తాతా,

మీకు పెద్ద పెద్ద బిరుదులతో రాద్దామని మొదట కూర్చున్నాం. ఒక్కటీ మీకు సరిపోలేదు. అందుకని మీ గురించి మాకు తెలిసింది, చూసింది, మీరు చేసింది మాత్రమే రాస్తున్నాం.

మీరు 1966లో పోస్టుమ్యానుగా చేరారు. 1972లో పిన్‌కోడ్ వచ్చినప్పుడు, చదువు రాని ఇళ్లకు ఆ ఆరు అంకెలు నేర్పించి, గోడ మీద బొగ్గుతో రాసిచ్చిన సంగతి మా నాయన ఇప్పటికీ చెప్తాడు. కువైట్ నుంచి ఉత్తరం వస్తే గుమ్మంలో ఇచ్చి వెళ్లిపోలేదు మీరు. చదవడం రాని తల్లి ముందు కూర్చుని, కొడుకు బాగున్నాడన్న మాట రెండుసార్లు చదివేవాళ్లు. చెడ్డ వార్త ఉంటే పక్కింటి ఆడమనిషిని పిలిచి, ఆవిడ వచ్చాకే చదివేవాళ్లు. మా వీధి చివరి ఇంట్లో ఉన్న అమ్మకు వాళ్ల పుట్టింటి నుంచి, అంటే వేలూరు వైపు నుంచి, అరవంలో ఉత్తరాలు వచ్చేవి, ఆమె కోసమే మీరు ఆ అక్షరాలు నేర్చుకున్నారు. 39 ఏళ్ల ఉద్యోగం తర్వాత 2005 జనవరి 31న మీరు యూనిఫాం విడిచారు. ఆ తర్వాతే మాకు ఇంకా ఎక్కువ పని చేశారు.

నల్లా నీళ్లు రాక ట్యాంకర్ వచ్చే ఎండాకాలాల్లో ఎవరి వంతు ఎప్పుడో మీరు రాసి అరుగు మీద పెట్టేవాళ్లు. మొదటి బిందె వీధి చివరి ఇళ్లకు, చివరి బిందె మీ ఇంటికి. కొన్ని రోజులు ఆ చివరి బిందె కూడా వచ్చేది కాదు, అవ్వ పక్కింట్లో అడిగి తెచ్చుకునేది. ఇది మాకు తెలిసినా మేము అప్పుడు నోరు తెరవలేదు, ఈరోజు అందరి ముందు చెప్తున్నాం.

2021 నవంబరు 18న వాన మొదలై తిరుపతి నీళ్లలో మునిగినప్పుడు మన వీధిలో మోకాళ్ల పైకి నీళ్లు వచ్చాయి. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి, మాకు టెన్షన్‌తో కాళ్లు చేతులు ఆడలేదు. మీకు అప్పటికి 76 ఏళ్లు. మీ దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది, అందులో ఇంటింటికీ ఒక పేజీ: ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఎవరు నిండు నెలలతో ఉన్నారు, ఎవరు ఒంటరిగా ఉంటారు. ఆ పుస్తకం చూసి మీరు మేడ మీద నుంచి పేర్లు పిలుస్తుంటే మా పిల్లలు నడుముకు తాడు కట్టుకుని వెళ్లి మందులు, పెరుగన్నం పొట్లాలు ఇచ్చి వచ్చారు. మా అమ్మ పేరు ఆ పుస్తకంలో ఉంది. రక్తపోటు మాత్ర, రోజుకు రెండు, పొద్దున, రాత్రి అని రాసి ఉంది. అది మేమెవరం మీకు చెప్పలేదు, మీరే ఎప్పుడో చూసి రాసుకున్నారు. ఆ పేజీ ఫొటో నా ఫోన్లో ఉంది తాతా.

ఇప్పుడు శాలువా కప్పిన అక్క సంగతి. 2015లో సుకన్య సమృద్ధి ఖాతాలు వచ్చినప్పుడు మీరు మా వీధిలో ఆడపిల్లలున్న ప్రతి గడపా తొక్కారు. పదేళ్లలోపు పాపకే తెరుస్తారు, ఆలస్యం చేయొద్దని మొత్తుకున్నారు. అక్కకు అప్పుడు తొమ్మిదేళ్ల కూతురు, మొదట కట్టాల్సిన వెయ్యి రూపాయలు లేవు. ఆ వెయ్యి మీరు కట్టారు, తర్వాత ఆమె నెలనెలా 50, 50 మీకు తీర్చింది, మీరు తీసుకున్నారు. ఉచితంగా ఇస్తే ఆమె రెండో నెల నుంచి కట్టదని కాదు, ఆమె తల వంచుకోకూడదని తీసుకున్నారని మాకు ఇప్పుడు అర్థమైంది. ఆ పాప పోయినేడాది 18 దాటాక ఖాతాలో సగం డబ్బు తీసి డిగ్రీ ఫీజు కట్టింది. ఇదిగో ఆ చివర రెండో వరుసలో కూర్చుని ఏడుస్తోంది.

అన్నదమ్ములు కాంపౌండు గోడ కోసం మాటలు మానేసిన ఇల్లు మనకు తెలుసు. మూడు సాయంత్రాలు ఇద్దర్నీ మీ అరుగు మీద కూర్చోబెట్టి టీ తాగించారు, గోడ మాట నాలుగో రోజు ఎత్తారు. ఎవరిది తప్పో ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. ఆగిపోయిన వితంతు పింఛను కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగారు, పన్నెండోసారి వచ్చింది. ఆ పదకొండుసార్లూ ఆటో ఖర్చు మీదే.

గంగమ్మ జాతర ముందు వారం రోజులూ మా పిల్లలకు వేషాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పేది మీరే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వచ్చే జాతరకు కూడా మీరే చెప్పాలి. అందుకని మందులు మానకండి, పేపరు కోసం మెట్లు దిగేటప్పుడు కర్ర మరవకండి, ఎవరూ అడగకపోయినా ఈ పని నేను చేస్తానని ముందుకు వెళ్లే అలవాటు కొంచెం మాకు వదలండి. ఆ నోటుబుక్కు ఇకపై మా ముగ్గురం పిల్లలం నింపుతాం, ప్రతి ఆదివారం మీ అరుగు మీద కూర్చుని, మీరు చెప్తుంటే.

మీరు, అవ్వ నిండు నూరేళ్లు మా మధ్యనే ఉండాలని శ్రీనివాసుణ్ణి వేడుకుంటూ, ప్రేమతో, మీ వీధి వాళ్లం.

(పత్రం తాత చేతికి ఇచ్చాక)

తాతా, పత్రం మడిచి జేబులో పెట్టుకోకండి, ఫ్రేము కట్టించాం, కొడుకు పట్టుకుంటాడు. ఇప్పుడు మీరు మాట్లాడాలి. లేవొద్దు, కూర్చునే చెప్పండి, మైకు నేను పట్టుకుంటాను.