మాస్టారు గారికి: ఇంటర్నెట్ కేబుల్, యాక్సెస్ పాయింట్ బిగించుకోవడానికి మీ అనుమతి కోసం

మాస్టారు గారూ, నమస్కారం. మీరూ అమ్మగారూ బాగున్నారని తలుస్తాను. వేదాయపాళెం ఇంట్లో మేడ మీద పోర్షన్ నుంచి శ్రీకాంత్‌ని. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను. ఇలా రాసి పెడితే మీరు తీరిగ్గా చదువుకుని, అమ్మగారితో కూడా ఒక మాట అనుకోవచ్చు. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

హాల్లో ఉన్న ఇంటర్నెట్ బాక్సు నుంచి వెనక బెడ్‌రూమ్‌కి ఒక ఈథర్‌నెట్ కేబుల్ లాగి, ఆ గదిలో యాక్సెస్ పాయింట్ అనే వైఫై పెట్టె గోడకు బిగించుకోవాలని ఉంది. దానికి గోడలో కొత్తగా ఒక బెజ్జం, గది లోపల రెండు స్క్రూలు, బయట గోడకు క్లిప్పులు పడతాయి. మీకు చెప్పకుండా గోడలకు డ్రిల్లింగ్ చేయకూడదని అగ్రిమెంట్లో ఉంది కదా. మీరు సరే అన్నాకే ఎలక్ట్రీషియన్ని పిలుస్తాను.

ఎందుకింత అవసరం వచ్చిందంటే, మా ఆవిడ ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తోంది. రాత్రి షిఫ్టు. హాల్లో మా నాన్నగారు పడుకుంటారు, కాబట్టి తను వెనక గదిలోనే కూర్చోవాలి. ఇంటర్నెట్ ప్లాను 100 ఎంబీపీఎస్. హాల్లో ఆ స్పీడు బాగానే వస్తుంది. వెనక గదికి వెళ్లేసరికి మధ్యలో తొమ్మిదంగుళాల గోడలు రెండు, ఆ పైన మా ఇనప బీరువా. స్పీడ్ ఎక్కువ ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి అంత దూరం పోదు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పోతుంది గానీ నీరసంగా పోతుంది. మీటింగ్ మధ్యలో మాట ఆగిపోతే పైవాళ్ల దగ్గర తనకు టెన్షన్.

గోడ జోలికి పోకుండా అయ్యే పనులు ముందే చూశాను. రిపీటర్ పెట్టాం. అది వైఫైలో అందుకున్నదాన్నే మళ్లీ వైఫైలోనే పంపాలి కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. కేబుల్‌ని కిటికీలోంచి తెద్దామంటే దోమల మెష్ కోయాలి, తలుపు సరిగ్గా పడదు. నెల్లూరు దోమల సంగతి మీకు నేను చెప్పాలా! గోడలో ఉన్న కరెంటు పైపులోంచే లాగమని ఒకరు సలహా ఇచ్చారు. 230 వోల్టుల వైర్లతో కలిపి ఈ కేబుల్ వేయకూడదు, నేనే వద్దన్నాను. లోపల గోడల వెంట తిప్పితే రెండు గుమ్మాల పైనుంచి, దేవుడి గది పక్కనుంచి పోవాలి. చూడ్డానికి బాగోదు.

అందుకని బయటి దారి అనుకున్నాను. పైన పెట్టిన ఫోటోల్లో ఎర్ర గీత గీశాను చూడండి. హాల్లో ఇంటర్నెట్ వాళ్లు ఫైబర్ వైరు తెచ్చిన బెజ్జం ఉంది కదా, అందులోంచే కేబుల్ బయటికి వస్తుంది. అక్కడి నుంచి దక్షిణం గోడ మీద సజ్జల కింద తిన్నగా వెనక్కి పోతుంది. కొత్త బెజ్జం పడేది వెనక గదికి ఒక్కటే. అది కిటికీ అంచుకు అడుగున్నర దూరంలో, ఇటుక గోడలో, లింటెల్‌కి తగలకుండా ఉంటుంది. సైజు 10 మిల్లీమీటర్లు. మీరు వాస్తు చూస్తారని తెలుసు. ఈశాన్యం మూల అసలు ముట్టుకోవడం లేదు.

స్లాబుకి కూడా డ్రిల్ పెట్టను. యాక్సెస్ పాయింట్‌ని మామూలుగా సీలింగ్‌కి బిగిస్తారు, సిగ్నల్ నాలుగు వైపులా సమంగా పడుతుందని. కానీ మీరు డాబా మీద వాటర్ ప్రూఫింగ్ చేయించారు. రేపు ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే అది నా స్క్రూ వల్లనా కాదా అని ఇద్దరికీ అనుమానం మిగులుతుంది. ఒక్క గదికే కాబట్టి గోడ మీద ఏడడుగుల ఎత్తులో పెట్టినా సరిపోతుంది.

ఇక వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఎలా కురుస్తుందో తెలిసిందే, అందుకే ఈ జాగ్రత్త మీద ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా మాట్లాడాను. బెజ్జం లోపలి వైపు ఎత్తుగా, బయటి వైపు పల్లంగా ఏటవాలుగా వేస్తారు. కేబుల్‌ని బెజ్జం దగ్గర కిందికి ఒక వంపు తిప్పి లోపలికి పోనిస్తారు, దాంతో వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. చుట్టూ సిలికాన్ పూస్తారు. కేబుల్ క్యాట్ 6, బయట ఎండకు పగలని నల్ల తొడుగుది, లోపల అసలు రాగిది. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా దొరుకుతాయి గానీ అవి నాకొద్దు, ఎందుకంటే యాక్సెస్ పాయింట్‌కి కరెంటు కూడా ఈ కేబుల్లోనే పోతుంది.

కరెంటు అనగానే కంగారు పడకండి. పోయేది 48 వోల్టుల డీసీ మాత్రమే, ప్లగ్గు హాల్లోనే ఉంటుంది. వెనక గదిలో కొత్త స్విచ్ బోర్డు అక్కర్లేదు. హాల్లో ఆ పాయింటు ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు. పెట్టె వాడేది 10 వాట్ల లోపే, అంటే నెలకు మహా అయితే ఏడున్నర యూనిట్లు, అదీ మా మీటర్ మీదే.

కేబుల్ కింది పోర్షన్ ఆంటీ వాళ్ల కిటికీకి పైగా పోతుంది కాబట్టి ఆమెను కూడా అడిగాను. "ఇదేంది నాయనా, టవరు పెడతా ఉండారా?" అన్నారు. పళ్లెమంత పెట్టె, ఇంట్లో ఇప్పుడున్న వైఫై లాంటిదే అని చూపించాక సరేనన్నారు. మిషన్ కుట్టుకునే టైములో డ్రిల్లు మోత వద్దని మాత్రం అన్నారు. ఆ పని ఉదయం పది తర్వాత పెట్టుకుంటాం. డ్రిల్లుతో పని అరగంటే.

ఖర్చు మొత్తం నాదే. పని చేసేది మన ఇంటికి వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియనే, ఏ గోడలో ఎక్కడ పైపు ఉందో ఆయనకు తెలుసు. మేం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యాక్సెస్ పాయింట్ తీసుకుపోతాం. కేబుల్ ఉంచమంటే ఉంచుతాను, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. తీసేయమంటే తీసేసి, బెజ్జాలు పూడ్పించి, మీరు సంక్రాంతికి వేయించిన రంగే ఆ గోడకు వేయిస్తాను. అలా చేయకపోతే అడ్వాన్సులో పట్టుకోండి. ఈ మెసేజ్‌నే నా రాతపూర్వక మాటగా ఉంచుకోండి.

బెజ్జం చోటు మీకు నచ్చకపోతే ఫోటో మీద ఎక్కడ వేయాలో గుర్తు పెట్టి పంపండి. గోడకు డ్రిల్లే వద్దంటే అది కూడా మొహమాటం లేకుండా చెప్పండి, వేరే ఏర్పాటు చూసుకుంటాను. ఎలక్ట్రీషియన్‌కి ఈ ఆదివారం ఖాళీ ఉందట, ముసురు పట్టకముందు అయిపోతే మంచిదని నా ఆశ. మీరు కావలి నుంచి వచ్చి చూశాకే చేయమంటే అప్పటిదాకా ఆగుతాను. సరే అనుకుంటే శుక్రవారం సాయంత్రం లోపు ఇక్కడే "చేయించుకో" అని ఒక్క ముక్క రాయండి.

ఉంటాను మాస్టారూ.
శ్రీకాంత్, మేడ మీద పోర్షన్