సాయంత్రం వేళ ఇంటర్నెట్ వాడకంపై హాస్టల్ సర్క్యులర్

హాస్టల్ విద్యార్థినులందరికీ,

గత మూడు వారాలుగా రాత్రి 8 నుంచి 11 గంటల మధ్య ఇంటర్నెట్ బాగా నెమ్మదిస్తోందని వరుసగా ఫిర్యాదులు అందుతున్నాయి. మొన్న గురువారం రాత్రి రెండో అంతస్తు విద్యార్థిని ఒకరు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో లైను తెగిపోవడంతో, తెరిచిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని సిగ్నల్ కోసం మెట్ల దగ్గర నిలబడి ఉండటం నేను స్వయంగా చూశాను. ఆ ఇబ్బంది ఇంకెవరికీ రాకూడదనే ఈ నిబంధనలు తెస్తున్నాను.

మన లైను సామర్థ్యం 300 ఎంబీపీఎస్. మనం 240 మందిమి. అందరూ ఒకేసారి వాడినా తలా 1.25 ఎంబీపీఎస్ వస్తుంది. మామూలు నాణ్యతతో పాఠం వినడానికి అది సరిపోతుంది. అయితే మన రౌటర్ ఇంతకాలం మనుషులను కాక కనెక్షన్లను లెక్కపెట్టి పంచుతూ వచ్చింది. టొరెంట్ వంటి ప్రోగ్రామ్ ఒక్కటే పదుల కొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి, అది నడుపుతున్నవారికి పదుల వాటాలు, పక్క గదిలో వీడియో కాల్‌లో ఉన్నవారికి ఒకటి రెండు వాటాలు దక్కుతున్నాయి. ఎవరూ కావాలని ఇలా చేశారని నేను అనుకోవడం లేదు. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టగానే మొదలయ్యే ఫొటోల బ్యాకప్, మనకు తెలియకుండా సాగే అప్‌డేట్లు కూడా లైనును నింపేస్తాయి.

వచ్చే సోమవారం నుంచి రాత్రి 7 నుంచి 11 వరకు లాగిన్‌కు ఒకటి చొప్పున సమాన వాటా ఉంటుంది. ఎవరైనా వాడని వాటా ఆ క్షణంలో అవసరమున్నవారికి వెళుతుంది కనుక, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎవరి వేగానికీ కోత పడదు. ఒక్కో లాగిన్‌తో రెండు పరికరాలు మాత్రమే పనిచేస్తాయి. పెద్ద డౌన్‌లోడ్లు, బ్యాకప్‌లు రాత్రి 12 నుంచి ఉదయం 6 లోపు పెట్టుకోవాలి. గదుల్లో సొంత రౌటర్లు పెట్టరాదు. అవి హాస్టల్ వైఫై వాడే ఛానెళ్లలోనే ప్రసారం చేసి, చుట్టుపక్కల గదుల సిగ్నల్‌ను దెబ్బతీస్తాయి.

పరీక్ష గానీ ఇంటర్వ్యూ గానీ ఉన్నవారు ఒకరోజు ముందు ఆఫీసు రిజిస్టరులో సమయం రాస్తే, ఆ గంటకు వారి లాగిన్‌కు ప్రాధాన్యం ఇస్తాం, స్టడీ రూములో కేబుల్ కనెక్షన్ కూడా సిద్ధం చేస్తాం. ఇందుకు కారణాలు అడగం.

ఎవరు ఏం చూస్తున్నారో మేము పరిశీలించబోమని, ఒక్కో లాగిన్ వాడిన డేటా పరిమాణం మాత్రమే నమోదవుతుందని స్పష్టం చేస్తున్నాను. నిబంధన మీరినట్టు కనిపిస్తే ముందుగా పిలిచి మాట్లాడతాను. మళ్లీ జరిగితే ఆ లాగిన్ వేగం వారంపాటు సాయంత్రాల్లో తగ్గుతుంది.

సోమవారం తర్వాత కూడా నెమ్మదిస్తే, గది నంబరు, సమయం రాసి ఆఫీసులో ఇవ్వండి. ఒకే వరండా నుంచి ఫిర్యాదులు వస్తే లోపం అక్కడి వైఫై పరికరంలో ఉండవచ్చు. అప్పుడు దాన్ని పరీక్షించి బాగుచేయించడం మా బాధ్యత.

వార్డెన్,
విద్యార్థినుల హాస్టల్