కుర్చీలోనే పది నిమిషాలు, స్క్రీన్ చూడకుండా

అందరికీ నా గొంతు వినిపిస్తోందా? సరే, కుర్చీలో కూర్చునే ఒళ్లు సాగదీసుకోవడం మొదలుపెడదాం. ఈరోజు కెమెరా ఆన్ చేయట్లేదు, కావాలనే. ఆన్ చేస్తే మీరంతా మెడ ముందుకు చాచి, కళ్లు చిట్లించి, నేనేం చేస్తున్నానో స్క్రీన్‌లో చూస్తారు, అంటే ఏ మెడ నొప్పికైతే ఇక్కడ చేరామో దాన్నే ఇంకో పది నిమిషాలు పెంచుకుంటారన్నమాట. అందుకే మీ చూపు గోడ మీద ఉండనివ్వండి, చెవులు నాకివ్వండి.

ముందు కుర్చీ సంగతి. చక్రాలున్నదైతే వెనక్కి జరిపి గోడకో టేబుల్‌కో ఆనించండి. రెండు పాదాలూ నేల మీద, మడమతో సహా. వీపు కుర్చీకి ఆనకుండా కొంచెం ముందుకొచ్చి కూర్చోండి. ఒక్క షరతు: సాగుతున్నట్టు అనిపించాలి కానీ నొప్పి పుట్టకూడదు. సూది గుచ్చినట్టున్నా, చేతిలోకి తిమ్మిరి పాకినా వెంటనే ఆపేయండి, నేను చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఈ మధ్య మెడకో నడుముకో ఆపరేషన్ అయినవాళ్లు ఇవాళ్టికి వినండి చాలు, డాక్టర్‌ని అడిగాక చేద్దురుగాని.

చూపుడువేలు గడ్డానికి ఆనించండి. వేలు కదపొద్దు. ఇప్పుడు గడ్డాన్ని వేలి నుంచి వెనక్కి లాక్కోండి, సొరుగు మూసినట్టు తిన్నగా. తల కిందికి వంగకూడదు, పైకి లేవకూడదు. గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చిందా? రావాలి, కెమెరా లేదుగా, సిగ్గుపడకండి. పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట ఏదో సాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టే. అలాగే ఉండండి... మూడు, నాలుగు, ఐదు, వదలండి. మన తల బరువు దాదాపు 5 కిలోలు, అది భుజాల మీద నిలబడితే మెడకి పెద్ద పని ఉండదు, ముందుకు వాలేకొద్దీ ఆ బరువంతా వెనక కండరాలే మోయాలి. ఇంకో నాలుగుసార్లు మీరే చేయండి, నేను మాట్లాడను.

అయిందా? ఇప్పుడు కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకోండి, తొడ పక్కనే. ఎడమ చెవిని ఎడమ భుజం వైపు వాల్చండి. చెవి భుజం దగ్గరికి వెళ్లాలి, భుజం పైకి రాకూడదు, చాలామంది తమని తాము మోసం చేసుకునేది ఇక్కడే. ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉండనివ్వండి, దాంతో తల లాగకండి. నేనోసారి హడావిడిలో అలా లాగి, తర్వాత రెండు రోజులు ఎవరు పిలిచినా మనిషిని మొత్తంగా తిరగాల్సొచ్చింది. కుడి భుజం మీది నుంచి చెవి వెనక దాకా తాడులా బిగువు తెలుస్తోంది కదా, అక్కడికి గాలి పంపుతున్నట్టు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఐదు ఊపిరులు. తల అలాగే ఉంచి, ముక్కుని ఎడమ చంక వైపు తిప్పండి. చూశారా, బిగువు వెనక్కి జరిగింది. ఇంకో ఐదు. మెల్లగా పైకి. ఇప్పుడు ఎడమ చేత్తో అంచు పట్టుకుని రెండో వైపు.

మౌస్ పట్టే చెయ్యి ముందుకు చాచండి, మోచెయ్యి వంచకుండా, అరచెయ్యి పైకి. వేళ్లు నేల వైపు వంచి, రెండో చేత్తో ఆ వేళ్లని మీ వైపు కొద్దిగా లాక్కోండి. మోచేతి లోపలి వైపు దాకా లాగుతుంది. 20 లెక్కపెట్టండి. తిప్పి, అరచెయ్యి కిందికి పెట్టి మళ్లీ అంతే. రెండో చేతికీ చేయండి, దానికి పని తక్కువేం కాదు, కీబోర్డ్ ఉంది.

ఇక తుంటి. గంటలకొద్దీ కూర్చునేవాళ్లకి దీనంత హాయినిచ్చేది ఇంకోటి లేదని నా అభిప్రాయం. కుడి చీలమండని ఎడమ మోకాలి మీద పెట్టండి. మోకాలు నొప్పి ఉంటే ఇది వదిలేయండి. ఇప్పుడు ముందుకు వంగాలి, కానీ తలతో కాదు, బొడ్డుతో, బొడ్డు ఆ కాలిని తాకడానికి వెళ్తోందనుకోండి. వీపు గుండ్రంగా అయితే తుంటికేమీ తెలియదు. నాలుగు వేళ్ల దూరం వంగితే చాలు, కుడి పిరుదు లోపల మొద్దుగా లాగుతుంది. కొందరికి వంగకముందే లాగుతుంది, వాళ్లు అక్కడే ఆగిపోండి. 30 లెక్కపెట్టి కాలు మార్చండి.

మడమలు 15 సార్లు ఎత్తి దించండి, పిక్కలు కదిలితే చాలు. ఈలోపు మీ గదిలో అన్నిటికన్నా దూరంగా ఉన్న వస్తువుని చూస్తూ కళ్లు ఆర్పండి.

ఇప్పుడు లేచి నిలబడి, మ్యూట్ తీసి ఒక్కొక్కరూ చెప్పండి, మెడ ఏ వైపు ఎక్కువ బిగిసింది, కుడా ఎడమా? రేపు ఆ వైపు నుంచే మొదలుపెడతాను.